3.5 × 4.5 ఫోటో 200 × 230 పెట్టెలో ఎందుకు ఉబ్బింది? ఒక అప్లికేషన్ కేసు

తిరుపతిలో యూనివర్సిటీ వైపు నెట్ సెంటర్ నడుపుతున్నాను. నోటిఫికేషన్ల సీజన్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కోచింగ్ పిల్లలే. ఫారం నింపడం వాళ్లకు కష్టం కాదు, ఫోన్‌లోనే నింపేసుకుంటారు. ఆగిపోయేది ఫోటో అప్‌లోడ్ దగ్గర. ఇక్కడ రాస్తున్న కేసు కూడా అలాంటిదే. కాకపోతే ఇందులో ఫారం మొదట ఏ ఎర్రర్ చూపించలేదు, ఫోటోని నిక్షేపంగా తీసుకుంది. అయినా ఫోటో తప్పు. అందుకే వివరంగా రాస్తున్నాను. అభ్యర్థి వివరాలు, నోటిఫికేషన్ పేరు వదిలేశాను. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను.

నేపథ్యం

అమ్మాయి చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. బ్యాంకు తరహా ఉద్యోగానికి దరఖాస్తు. ఫోటో గురించి నోటిఫికేషన్లో మూడు మాటలున్నాయి. ఒకటి, ఇటీవల తీసిన పాస్‌పోర్టు సైజు కలర్ ఫోటో, 3.5 సెం.మీ. × 4.5 సెం.మీ. రెండు, కొలతలు 200 × 230 పిక్సెల్స్ ఉంటే మంచిది. మూడు, ఫైలు జేపీజీ, 20 నుంచి 50 కేబీ మధ్య. ముఖం ఫోటోలో ఎంత శాతం ఉండాలో రాయలేదు. లేత రంగు బ్యాక్‌గ్రౌండ్, ముఖం స్పష్టంగా కనబడాలి, అంతే.

ఫోటో స్టూడియోలో తీయించుకుంది. వాళ్లు పాస్‌పోర్టు సైజుకి కత్తిరించి ప్రింట్లు ఇచ్చి, సాఫ్ట్ కాపీ వాట్సాప్‌లో పంపారు. ఆ ఫైలు 413 × 531 పిక్సెల్స్. ఇది స్టూడియోల్లో రోజూ కనిపించే కొలతే. ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు అనుకుంటే సెంటీమీటరుకి 118 పిక్సెల్స్ పడతాయి. 3.5ని 118తో గుణిస్తే 413, 4.5ని గుణిస్తే 531. అంటే స్టూడియోవాళ్లు తమ పని సరిగ్గానే చేశారు.

వచ్చిన సమస్య

వాళ్ల తమ్ముడు ఫోన్‌లో ఒక రీసైజ్ యాప్ తెరిచి, వెడల్పు 200, ఎత్తు 230 అని కొట్టి, వచ్చిన ఫైలు ఎక్కించాడు. ఫారం తీసుకుంది. ప్రివ్యూ చూసి అమ్మాయికి అనుమానం వచ్చింది.

"ఏందన్నా ఇది, గవదబిళ్లలు వచ్చిన మాదిరి ఉంది నా మొహం" అంటూ ఫోన్ నా ముందు పెట్టింది.

పక్కనున్న స్నేహితురాలు "బాగానే ఉందిలేవే, నీకే అట్లా అనిపిస్తోంది" అంటోంది. తమ్ముడు కూడా అదే మాట. ఇలాంటప్పుడు చూపుని నమ్ముకుంటే తేలదు. పదో వంతు సాగితే కొందరికి కనిపిస్తుంది, కొందరికి కనిపించదు. అందుకని కొలిచాను.

స్టూడియో ఫైలుని జింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రెండు దూరాలు తీసుకున్నాను. ఒక కంటిపాప నుంచి రెండో కంటిపాపకి 90 పిక్సెల్స్. కళ్ల గీత నుంచి గడ్డం కిందికి 163. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.552. ఎక్కించిన ఫైల్లో అవే దూరాలు సుమారు 43.6, 70.6. భాగిస్తే 0.617. మనిషి అదే, ఫోటో అదే. ఫోటో చిన్నదైనా పెద్దదైనా ఈ భాగఫలం మారకూడదు. మారిందంటే ముఖం ఒక వైపుకి సాగిందన్నమాట. ఇక్కడ అడ్డంగా దాదాపు 12 శాతం సాగింది. అమ్మాయి అనుమానం నిజమే.

ఎందుకు సాగిందో నోటిఫికేషన్లోని అంకెల్లోనే ఉంది. 3.5ని 4.5తో భాగిస్తే 0.778. 200ని 230తో భాగిస్తే 0.870. రెండూ ఒకే ఆకారం కావు. మొదటిది సన్నగా నిలువుగా ఉంటుంది, రెండోది కాస్త వెడల్పు. సన్నటి బొమ్మని వెడల్పాటి పెట్టెలోకి ఉన్నది ఉన్నట్టు లాగితే బుగ్గలు ఉబ్బక తప్పదు. రెండు కొలతలూ ఒకే పేజీలో పక్కపక్కనే రాసి ఉంటాయి కాబట్టి రెండూ ఒకటేనని అందరూ అనుకుంటారు. ఒక్కసారి భాగించి చూస్తే తెలిసిపోతుంది, కానీ ఎవరూ భాగించరు.

ముందు ప్రయత్నించినవి

తమ్ముడికి విషయం చెప్పగానే "అయితే లాక్ పెట్టి చేస్తానన్నా" అన్నాడు. నిష్పత్తి మారకుండా చూసే ఆప్షన్ చాలా యాప్‌లలో ఉంటుంది. విండోస్ పెయింట్‌లో అయితే Maintain aspect ratio అని టిక్ పెట్టాలి. అలా చేస్తే ఎత్తు 230కి వెడల్పు 179 వచ్చింది. ఫైల్లో ముఖం సరిగ్గానే ఉంది, కొలిస్తే మళ్లీ 0.55. నోటిఫికేషన్లో 200 × 230 "ఉంటే మంచిది" అన్నారే తప్ప కచ్చితం అనలేదు కదా, చూద్దామని ఎక్కించాడు. ఫారం దీన్నీ తీసుకుంది.

ప్రివ్యూలో మాత్రం మళ్లీ అదే ఉబ్బిన ముఖం.

ఇక్కడ అసలు సంగతి బయటపడింది. బ్రౌజర్లో ఆ ప్రివ్యూ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి Inspect నొక్కి చూశాను. బొమ్మ పెట్టెకి వెడల్పు 200, ఎత్తు 230 అని బిగించి ఉంది. ఏ ఆకారం ఫైలు ఇచ్చినా దాన్ని ఆ పెట్టె నిండా లాగి చూపిస్తుంది. అంటే ఈ ఫారం ఫైలు తీసుకునేటప్పుడు పిక్సెల్స్ లెక్కపెట్టడం లేదు, చూపించేటప్పుడు మాత్రం తన ఆకారంలోకి లాగేస్తోంది. అప్లికేషన్ ప్రింటులో, హాల్ టికెట్‌లో కూడా ఇలాంటి పెట్టే ఉంటే పరీక్ష రోజు ఇన్విజిలేటర్ చేతిలో ఉండేది ఉబ్బిన ముఖమే. అక్కడ టెన్షన్ పడేకంటే ఇక్కడే సరిచేసుకోవడం మేలు.

అప్పటికి ఒక నిర్ణయానికి వచ్చాను. సెంటీమీటర్లూ పిక్సెల్సూ రెండు రకాలుగా చెబుతున్నప్పుడు, అప్‌లోడ్ చేసే ఫైలుకి పిక్సెల్సే లెక్క. సెంటీమీటర్ అనేది కాగితం మీద కొలత. ఫైలుకి సెంటీమీటర్లు ఉండవు, ప్రింటు తీసినప్పుడే వస్తాయి. ఆ 3.5 × 4.5 కాగితం ఫోటో అతికించే రోజుల నుంచి వస్తున్న కొలత. స్క్రీన్ మీద పెట్టె మాత్రం 200 × 230. కాబట్టి ఆకారం 20:23 కావాలి. అది రీసైజుతో రాదు. ఎక్కడో ఒకచోట కత్తిరించాలి, లేదా ఎక్కడో ఒకచోట కలపాలి.

కలపడమా, కత్తిరించడమా

అన్నిటికంటే మంచి దారి స్టూడియోలో కత్తిరించకముందు ఉన్న ఫోటో తెప్పించుకోవడం. ఫోన్ చేస్తే స్టూడియో ఆయన పెళ్లి ఆర్డర్‌లో బయట ఊళ్లో ఉన్నాడు, సిస్టం దగ్గరికి వచ్చాకే పంపగలనన్నాడు. చివరి తేదీ దగ్గర పడింది. ఉన్న 413 × 531తోనే సరిపెట్టుకోవాలి.

ముందు కలపడం చూశాం, ఎందుకంటే అందులో ఫోటో ఏమీ పోదు. ఎత్తు 531 అలాగే ఉంచితే 20:23కి వెడల్పు 462 కావాలి. 49 పిక్సెల్స్ తక్కువ. రెండు పక్కలా 25, 24 చొప్పున తెల్ల పట్టీ వేస్తే సరిపోతుంది. వేశాం. పట్టీ పట్టీలాగే కనిపించింది. మన కంటికి బ్యాక్‌గ్రౌండ్ తెల్లగానే ఉంది కానీ, రంగు చూస్తే 240కి అటూ ఇటూ ఉన్న లేత బూడిద. పట్టీ మాత్రం 255, పూర్తి తెలుపు. బ్యాక్‌గ్రౌండ్ రంగునే తీసుకుని పట్టీకి పూస్తే ఎడమ వైపు కలిసింది, కుడి వైపు కలవలేదు. స్టూడియోలో లైటు ఒక పక్క నుంచి పడుతుంది కాబట్టి గోడ ఒక పక్క వెలుగుగా, ఇంకో పక్క కొంచెం మసగ్గా ఉంటుంది. పైగా భుజాలు ఫోటో అంచు దాకా వచ్చి ఉన్నాయి. పట్టీ వేస్తే చుడీదార్ భుజం అంచు దగ్గర నిలువునా కోసినట్టు ఆగిపోతోంది. ఓపిగ్గా కూర్చుంటే దాన్నీ కప్పెయ్యొచ్చు. కానీ గుర్తింపు ఫోటోలో లేని భుజాన్ని గీయడం నాకు ఇష్టం లేదు. పరిశీలించేవాళ్లు ఎడిటింగ్ చేసిన ఫోటో అనుకునే అవకాశం ఇవ్వకూడదు. కలపడం మానేశాం.

ఇక కత్తిరించడమే. వెడల్పు 413 అలాగే ఉంచితే ఎత్తు 413 × 23 ÷ 20, అంటే 475 కావాలి. 531లోంచి 56 పిక్సెల్స్ తీసేయాలి. ప్రశ్న ఒక్కటే, పైనుంచా, కిందినుంచా?

ఫోటోలో జుట్టు పైభాగం పై అంచు నుంచి 58 దగ్గర ఉంది. గడ్డం 388 దగ్గర. అంటే తల మొత్తం 330. గడ్డం కింద 143 మిగులు. మొత్తం 56 పైనుంచే తీస్తే జుట్టు మీద 2 పిక్సెల్స్ మిగులుతాయి. 200 × 230కి తగ్గించాక అది ఒక్క పిక్సెల్, తల అంచుకి అతుక్కుపోయినట్టు ఉంటుంది. మొత్తం కిందినుంచే తీస్తే గడ్డం కింద 87. మెడ కనిపిస్తుంది, భుజాలు పోతాయి. ముఖం ఫ్రేములో కిందికి జారినట్టు కూడా ఉంటుంది. గుర్తింపు ఫోటోలో తల మీద కొంచెం జాగా, కింద భుజాల గీత, రెండూ ఉండాలి. భుజాల గీత వల్ల తల నిటారుగా ఉందో వంగి ఉందో తెలుస్తుంది.

పైన 16, కింద 40 తీశాం. 413 × 475లో తల మీద 42, తల 330, గడ్డం కింద 103. దీన్ని 200 × 230కి తగ్గిస్తే తల మీద 20, తల 160, కింద 50. తల ఎత్తు ఫ్రేములో 69 శాతం. ఈ నోటిఫికేషన్ శాతం అడగలేదు కాబట్టి ఇది చాలు. అడిగే ఫారాల్లో మాత్రం ఇదే లెక్క ముందు వేసుకోవాలి. కత్తిరించేకొద్దీ తల శాతం పెరుగుతుంది, ఒక హద్దు దాటితే వెనక్కి తేవడానికి జాగా ఉండదు.

జింప్‌లో ఇది చేయడం తేలిక. క్రాప్ టూల్ తీసుకుని Fixed దగ్గర Aspect ratio పెట్టి, కింద గడిలో 20:23 అని కొట్టాలి. ఇక గీత ఎంత లాగినా ఆ ఆకారం దాటదు. ముందు క్రాప్, తర్వాతే రీసైజ్. క్రాప్ ఆకారాన్ని తేలుస్తుంది, రీసైజ్ సైజుని మాత్రమే మారుస్తుంది. ఆకారం కుదిరాక రీసైజులో లాక్ పెట్టినా 200కి 230 దానంతట అదే రావాలి. రాలేదంటే క్రాప్‌లో తేడా ఉన్నట్టు. ఇది మంచి సరిచూపు. రద్దీలో మౌస్ పట్టుకునే తీరిక లేకపోతే ఇమేజ్‌మ్యాజిక్ అనే కమాండ్ టూల్‌లో ఒక్క వరుసతో అయిపోతుంది:

```
magick studio.jpg -crop 413x475+0+16 +repage -resize 200x230! -sampling-factor 4:4:4 -quality 98 photo.jpg
```

ఇందులో `+0+16` అంటే ఎడమ నుంచి ఏమీ తీయకుండా పైనుంచి 16 వదిలి మొదలుపెట్టమని. క్వాలిటీ 98 ఎందుకో కింద చెబుతాను.

కేబీ దగ్గర ఆగింది

ఆకారం కుదిరిన ఫైలుని మామూలుగా సేవ్ చేసే క్వాలిటీ 90తో సేవ్ చేస్తే 11 కేబీ వచ్చింది. ఎక్కిస్తే ఫారం ఒప్పుకోలేదు, కనీసం 20 కేబీ ఉండాలంది. అందరూ 50 దాటుతుందేమోనని భయపడతారు కానీ ఇంత చిన్న ఫోటోకి కింది హద్దే గండం. 200ని 230తో గుణిస్తే 46 వేల పిక్సెల్స్ మాత్రమే. అందులో సగం దాకా ఖాళీ గోడ. ఒకే రంగు ఉన్న చోటుని జేపీజీ బాగా నొక్కేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ ఎంత శుభ్రంగా ఉంటే ఫైలు అంత తేలిక.

తమ్ముడు ఎక్కడో చదివి డీపీఐ, అంటే అంగుళానికి చుక్కల లెక్క, 72 నుంచి 300 చేద్దామన్నాడు. చేసి చూపించాను, కేబీ కదల్లేదు. డీపీఐ అనేది ప్రింటరుకి రాసిపెట్టే చీటీ లాంటిది, పిక్సెల్స్ సంఖ్య మారనంత వరకు దాన్ని మార్చినా ఫైలు బరువు మారదు.

రెండు దారులు మిగిలాయి. ఒకటి, ఆకారం అదే ఉంచి 400 × 460 చేయడం. పిక్సెల్స్ నాలుగింతలవుతాయి కాబట్టి 20 కేబీ సులువుగా దాటుతుంది. ఈ ఫారం పిక్సెల్స్ లెక్కపెట్టడం లేదని 179 × 230 ఫైలుతో ఇప్పటికే తెలిసింది, కాబట్టి తీసుకునేది కూడా. పైగా ఫోటో ఇంకా స్పష్టంగా ఉంటుంది. రెండోది, 200 × 230లోనే ఉండి క్వాలిటీ పెంచడం.

రెండోదే ఎంచుకున్నాను. అప్‌లోడ్ చేసేటప్పుడు లెక్కపెట్టలేదంటే తర్వాత ఎక్కడా లెక్కపెట్టరని కాదు. నోటిఫికేషన్లో రాసిన అంకె ఇస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. స్పష్టత సంగతికొస్తే, 200 పిక్సెల్స్‌ని 3.5 సెంటీమీటర్ల వెడల్పులో ప్రింటు తీస్తే అంగుళానికి 145 చుక్కలు పడతాయి. హాల్ టికెట్ మీద ముఖం పోల్చుకోవడానికి అది చాలు. 400 × 460 ఇచ్చినా అక్కడ పెద్ద తేడా కనిపించదు.

క్వాలిటీ 97 దగ్గర ఫోల్డర్లో 20 కేబీ అని చూపించింది. తమ్ముడు సరిపోయిందన్నాడు. ఫారం మళ్లీ తిప్పికొట్టింది. విండోస్ ఫోల్డర్ జాబితాలో సైజుని పైకి గుండ్రం చేసి చూపిస్తుంది, 19.1 ఉన్నా 20 అనే రాస్తుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి Properties చూస్తే అసలు బైట్లు కనిపిస్తాయి. 20 కేబీ అంటే కొందరి లెక్కలో 20,000 బైట్లు, కొందరి లెక్కలో 20,480. అందుకే హద్దుని ఆనుకుని ఉండకూడదు. క్వాలిటీ 98 పెట్టి, సేవ్ చేసే పెట్టెలో Subsampling దగ్గర 4:4:4 ఎంచుకుంటే 25 కేబీ దాటింది. ఆ 4:4:4 వల్ల రంగు వివరం తగ్గకుండా ఉంటుంది, బరువూ పెరుగుతుంది, పెదవుల అంచు దగ్గర రంగు చెదరడమూ తగ్గుతుంది. ప్రతిసారీ కత్తిరించిన ఫైలు నుంచే సేవ్ చేశాం. 11 కేబీకి నొక్కేసిన ఫైలుని తెరిచి 98తో సేవ్ చేస్తే బరువు పెరుగుతుంది కానీ పోయిన వివరం తిరిగి రాదు.

ఫలితం

ఫారం తీసుకుంది. ప్రివ్యూలో ముఖం సరిగ్గా ఉంది. అమ్మాయి ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి "ఇప్పుడు నేనే" అంది. నేను మాత్రం అప్లికేషన్ పీడీఎఫ్ దించి, అందులోని ఫోటో మీద మళ్లీ కంటిపాపల దూరం, గడ్డం దూరం కొలిచాను. 0.55. సంతకానికి అడిగింది 140 × 60, అంటే 7:3. అక్కడ అదనంగా తెల్ల కాగితం ఉంటుంది కాబట్టి ఆ ఆకారంలో కత్తిరించడంలో ఇబ్బంది లేదు. తర్వాత హాల్ టికెట్ ప్రింటు నా దగ్గరే తీసుకుంది, అందులోనూ ముఖం సరిగ్గానే వచ్చింది.

ఈ కేసు నుంచి షాపులో మారినవి

ఇప్పుడు ఏ నోటిఫికేషన్ వచ్చినా ఫోటో ముట్టుకోకముందే సెంటీమీటర్ల నిష్పత్తి, పిక్సెల్స్ నిష్పత్తి రెండూ భాగించి చూస్తాం. ఒకటే అయితే స్టూడియో ఫైలుని నేరుగా తగ్గించేయొచ్చు. తేడా ఉంటే పిక్సెల్స్ ఆకారానికి కత్తిరిస్తాం. సెంటీమీటర్లు మాత్రమే ఇస్తే 118తో గుణించి ఆ పిక్సెల్స్ తీసుకుంటాం, తర్వాత కేబీ హద్దుని బట్టి అదే నిష్పత్తిలో పెంచడమో తగ్గించడమో. కేబీ మాత్రమే ఇచ్చే ఫారాల్లో ప్రివ్యూ పెట్టె ఆకారం చూసి దానికి తగ్గట్టు కత్తిరిస్తాం.

అన్ని ఫారాలూ ఒకే ఆకారం అడగవు. అమెరికా వీసా ఫారానికి చదరం కావాలి, 600 × 600 నుంచి 1200 × 1200 దాకా, 240 కేబీ లోపు. కొడుకు దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు పాస్‌పోర్టు సైజు ఫోటో తెస్తే దాన్ని చదరం చేయడానికి 413 × 531లోంచి 118 పిక్సెల్స్ ఎత్తు పోవాలి. పైన చెప్పిన ఫోటోలో అయితే తల 330, మిగిలే ఎత్తు 413, అంటే తల 80 శాతం. అక్కడ తల 50 నుంచి 69 శాతం మధ్యే ఉండాలి. ఎటు కత్తిరించినా కుదరదు. పైగా 413ని 600కి సాగదీస్తే ఫోటో మసకబారుతుంది. అలాంటప్పుడు కొత్తగా తీయించుకోమని చెప్పేయడమే నయం.

అందుకే చుట్టుపక్కల స్టూడియోలవాళ్లకి ఒక మాట చెప్పిపెట్టాను. ప్రింటుకి మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి, కస్టమరుకి మాత్రం కత్తిరించని ఫోటో కూడా ఇవ్వండి. తల మీద, రెండు భుజాల పక్కన గోడ కనిపించేలా, ఛాతీ దాకా ఉంటే చాలు. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది దారిలోనే చిన్నదైపోతుంది. ఇద్దరు ముగ్గురు పాటిస్తున్నారు. మిగిలినవాళ్ల దగ్గర నుంచి ఇప్పటికీ 413 × 531లే వస్తున్నాయి.